సాగదీసిన స్వరం

మౌలాలి గారు ప్రశ్నకు మాటతో జవాబివ్వరు. ఆయన దగ్గర సన్నాయి నేర్చుకునే వాళ్లందరికీ అది తెలుసు. దస్తగిరికీ తెలుసు. అయినా అడిగాడు.

"పేరయ్య తాగుడు మానడం లేదు గురువుగారూ. చెప్పి చూశాను, ఊరుకుని చూశాను. ఇంకేం చెయ్యను?"

పేరయ్య అతని పక్కన డోలు వాయించేవాడు, చిన్ననాటి స్నేహితుడు. దస్తగిరి చెప్పాడంటే మామూలుగా చెప్పలేదు. "జనాన్ని నిద్రపుచ్చడానికి పాలకులు పోసే మత్తురా ఇది!" అని గొంతు చించుకున్నాడు. "పాలకులు పోస్తే ఊరికే పొయ్యాలి గదరా, నేనెందుకు కొనుక్కుంటున్నాను?" అన్నాడు పేరయ్య. ఆ రోజు ఇంకాస్త ఎక్కువే తాగాడు.

ఇక ఊరుకోవడమంటే, అతను రాని రోజు జ్వరమని మేళం పెద్దకు చెప్పడం. దెబ్బ ఆలస్యమైతే తన స్వరాన్ని సాగదీసి, డోలు అందుకునేదాకా నిలబెట్టడం. పెళ్లిళ్లలో జనం ఆ సాగదీతకు తలలూపేవారు.

"పొద్దున్నే రండి ఇద్దరూ. అతను తాగకముందే," అన్నారు మౌలాలి గారు.

వచ్చారు. పేరయ్య చేతులు వణుకుతున్నాయి. కీర్తన చివర దెబ్బ పడాల్సిన చోట పడలేదు. దస్తగిరి స్వరం అలవాటుగా సాగబోయింది. గురువు చెయ్యి చాచి సన్నాయిని అతని పెదవుల మీంచి తప్పించారు. గదిలో ఏమీ వినిపించలేదు. ఆ తర్వాత, ఆలస్యంగా, ఒంటరిగా, డోలు మోగింది.

పేరయ్య తన చేతికేసి చూసుకున్నాడు. "ఇది ఎప్పట్నుంచిరా?"

"చాలా రోజుల్నుంచి. నేనే కప్పుతున్నాను. ఇక కప్పను."

"అంటే నన్ను మేళంలోంచి గెంటేస్తావా?"

"నేను గెంటను. ఎవరడిగినా అబద్ధం చెప్పను. తాగొస్తే నీ పక్కన కూర్చోను. ఆస్పత్రికి వెళ్దామంటే మాత్రం ఏ వేళైనా నీ వెంట వస్తాను."

దస్తగిరి నాలుక మీద ఇంకా చాలా నినాదాలున్నాయి. మింగేశాడు. పేరయ్య డోలు భుజాన వేసుకుని, ఎవరి మొహమూ చూడకుండా వెళ్లిపోయాడు.

తర్వాతి పెళ్లికి తాగి వచ్చాడు. దస్తగిరి లేచి వేరే డోలు పక్కన కూర్చున్నాడు. మేళం పెద్ద అడిగితే ఉన్నదే చెప్పాడు. పేరయ్యను ఇంటికి పంపేశారు. మర్నాడు దస్తగిరి టీ తీసుకుని అతని గుమ్మంలోకి వెళ్లాడు. పెళ్లి ఊసెత్తలేదు. కాసేపు ఏవో కబుర్లు చెప్పుకున్నారు.

కొన్నాళ్లకు పేరయ్యే వచ్చాడు. "రేపట్నుంచి చుక్క ముట్టనురా. ఒట్టు."

"ఒట్టొద్దు. పోయినసారి ఉన్నట్టుండి మానేస్తే ఫిట్సొచ్చి పడిపోయావు. ముందు డాక్టరు దగ్గరికి పోదాం పద."

వెళ్లారు. వార్డులో పెట్టి, మందులిస్తూ మాన్పించారు. దస్తగిరి రోజూ వెళ్లి పక్కన కూర్చున్నాడు.

పేరయ్య ఇంటికి తిరిగొచ్చాక దస్తగిరి గురువును అడిగాడు: "మళ్లీ తాగితే?"

మౌలాలి గారు సన్నాయి తుడుచుకుంటున్నారు. "తప్పిన దెబ్బ అతన్ని విననీ," అన్నారు, ఈసారి మాటతోనే. "నువ్వు మాత్రం పాట వదిలి వెళ్లిపోకు."