అమ్మ రెక్క కింద నడిమి చోటు

పశువుల కొట్టంలో గడ్డివామి వారగా రెండు గంపలు. ఒకదాంట్లో నల్లపెట్ట, రెండోదాంట్లో దాని చెల్లెలు, ఎర్ర ఈకల డేగపెట్ట గుడ్లు పొదుగుతున్నాయి. పొదిగే కోళ్లకి ఆ కొట్టంలో ఒక పద్ధతుంది. ఒకతి మేతకి దిగితే పక్కది ఆ గంపకీ కాపలా. వీళ్లు మాత్రం ఒకరికొకరు తోకలు చూపించుకుంటూ కూర్చున్నారు.

కారణం పాతదే. చిన్నప్పుడు వాన పడితే తల్లి రెక్క కింద నడిమి చోటు డేగది, అంచున తడిసేది నల్లది. చెదలు దొరికితే మొదటి పిలుపు డేగకే. ఇప్పుడు నల్లపెట్ట తనే తల్లి కాబోతోంది. అయినా పొద్దున్నే తల్లికోడి వచ్చి తన గంప దాటిపోయి, "మా డేగ ఎంత ఒద్దికగా కూర్చుందో!" అందంటే చాలు, నల్లపెట్ట ఈకలు మళ్లీ ఆ వానలో తడిసినట్టే ఉంటాయి.

ఇదంతా కనిపెట్టిన బావురుపిల్లి మెల్లగా చేరింది.

"నల్లమ్మా, నీ కడుపుమంట నాకు తెలీదా? రేపు నీ చెల్లెలు మేతకి దిగినప్పుడు అరవకుండా కూర్చో, చాలు. ఆ గుడ్లు పోతే మీ అమ్మకి దిక్కెవరు? నువ్వే!"

ఆ మాట బెల్లంముక్కలా దిగింది. దిగింది గానీ అరగలేదు. అది వెళ్లాక నల్లపెట్ట చెల్లెలి మీద విరుచుకుపడింది.

"ఏమే డేగా! ఇంత ఎదిగి ఇంకా అమ్మ తెచ్చిన చెదలే మెక్కుతున్నావ్, సిగ్గులేదూ?"

"సిగ్గే అక్కా. నాకు వెతకడం రాదు. అమ్మ నేర్పలేదు, నోట్లోనే పెట్టింది. తను రాని రోజు నాకు పస్తే."

"నన్నడగొచ్చుగా?"

"ఎవర్నడగను? ఎప్పుడు చూసినా నీ తోకే నా వైపుంటే!"

నల్లపెట్ట నవ్వు ఆపుకుంది. "వానలో నేను తడవడం చూశావా లేదా? అది చెప్పు."

డేగ తల దించేసింది. "చూశాను. జరుగుదామనుకున్నా. జరిగితే నా చోటు పోతుందని నిద్ర నటించా."

అమ్మనడిగితే ఎప్పుడూ "అంతా నీ ఊహ" అని కొట్టిపారేసేది. ఊహ కాదని ఇన్నాళ్లకి ఒకరు ఒప్పుకునేసరికి నల్లపెట్టకి గొంతులో ఇరుక్కున్న గింజ దిగినట్టయింది.

"సరే, ఇటు తిరుగు. ఆ బావురుపిల్లి సంగతి చెప్తా."

మర్నాడు డేగ మేతకని దిగి, గడ్డివామి వెనక కునుకు తీస్తున్న కుక్క చెవి పొడిచింది. ఇటు బావురుపిల్లి లొట్టలేస్తూ డేగ గంపలో మూతి పెట్టింది. లోపల నల్లపెట్ట!

"ఇదేంటే, ఇది నీ గంప కాదుగా?"

"ఈ పూట రెండూ నావే మావయ్యా!" అంటూ దాని ముక్కు మీద ఒక్క పోటు పొడిచింది. ఈలోగా కుక్క వచ్చిపడింది. బావురుపిల్లి తోకలో సగం వెంట్రుకలు అక్కడే వదిలి, గోడ దూకి పారిపోయింది.

గోల విని తల్లికోడి పరిగెత్తుకొచ్చింది. "మా డేగ ఎంత ధైర్యవంతురాలో!"

"ఉపాయం అక్కదమ్మా!" అంది డేగ.

"దానికంత తెలివెక్కడిది? నువ్వు మంచిదానివి కాబట్టి దాన్ని వెనకేసుకొస్తున్నావ్."

నల్లపెట్టకి చురుక్కుమంది. ఆ చురుకు ఎక్కడికీ పోదు మరి. కానీ చెల్లెలి వైపు చూసింది, చెల్లెలు తన వైపే చూస్తోంది. ఇద్దరూ గంపలు ఊగేలా నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారో తల్లికోడికి అర్థమే కాలేదు.

నీతి: అమ్మ తూకం తప్పయితే అది అమ్మ తప్పు, అదే తూకంతో తోబుట్టువుని తూచడం మాత్రం మన తప్పు.