మూడు కానాగంతలు

ఈ మాట ఇంతవరకూ పైకి అనలేదు. అమ్మమ్మ అస్థికల్లోంచి ఒక చిన్న ఎముక నేను తీసేసుకున్నాను.

రాజమండ్రి వెళ్ళే బస్సులో కుండ నా ఒళ్ళోనే ఉంది. మామయ్య కిటికీ వైపు తిరిగి కళ్ళు మూసుకున్నాడు. గుడ్డ ముడి కొంచెం వదులు చేసి, వేలెడంత ముక్క తీసి, కొంగున కట్టుకున్నాను. రేవులో మామయ్య కుండ వంచుతుంటే పక్కనే నిలబడి దణ్ణం పెట్టాను. ఎముక ఇప్పుడు నా బీరువాలో ఉంది, అమ్మమ్మ చీర ముక్కలో చుట్టి, స్టీలు డబ్బాలో.

పదోరోజు పిండం పెడితే కాకి ముట్టలేదు. గంటసేపు చూశాం. మామయ్య చేతులు జోడించి, అందరి ముందూ, "అమ్మా, ఆ రోజు నిన్నన్న మాట తప్పే. వచ్చి ముట్టుకోవే" అన్నాడు. రాలేదు. చివరికి పంతులుగారు దర్భతో కాకిని చేసి ముట్టించారు.

అప్పట్నుంచీ మామయ్య సరిగా తినడం లేదు. తల్లి తన మీద కోపంతోనే పోయిందని నమ్మేశాడు. వచ్చే గురువారం సంవత్సరీకం. కాకి ఎందుకు రాలేదో ఎవరికీ తెలియదు. నాకు మాత్రం తెలుసేమోనని భయం.

ఇంత భయపడేదాన్ని ఎందుకు దాచుకున్నానంటే, చదవడం వల్ల. డిగ్రీ మధ్యలో మానేసి, దొరికిందల్లా చదివే రకాన్ని నేను. వేల ఏళ్ళ కిందట నైలు నది ఒడ్డు రాజ్యంలో మనిషి పోయాక అతని ఆత్మ పక్షిలా తిరుగుతుందనీ, మళ్ళీ తన శరీరం దగ్గరికే వాలాలనీ, శరీరం చెడిపోతే అది గూడు లేనిదైపోతుందనీ చదివాను. మనమేమో కాల్చి, మిగిలింది నీళ్ళలో కలిపేస్తాం. అమ్మమ్మ తిరిగి రావాలనుకుంటే ఎక్కడికొస్తుంది? అదీ నా లెక్క.

నేను పని నేర్చుకుంటున్నది ఖాదర్‌వలీ మాస్టారి దగ్గర. కాలేజీ ల్యాబులో ముప్పై ఏళ్ళు పక్షుల్ని దూదితో నింపి, కప్పల ఎముకలు తీగకి కట్టిన మనిషి. రిటైరయ్యాక కాకినాడలో తన ఇంటి ముందు రెండు గదుల్లో బడిపిల్లల కోసం చిన్న ప్రదర్శనశాల పెట్టారు. ఈ ఎండాకాలం నైలు రాజ్యపు శవరక్షణ, అంటే మమ్మీల గురించి ఒక బల్ల పెడదామన్నారు. నేను ఎగిరి గంతేశాను.

"మొత్తం డెబ్భై రోజులు మాస్టారూ. అందులో నలభై రోజులు ఉప్పులాంటి పొడిలోనే. దాని పేరు నేట్రాన్. ఎండిన చెరువుల అడుగున దొరికేది."

"పుస్తకం అప్పజెప్పావు, బావుంది. పుస్తకానికి వాసన రాదు కదమ్మా. బజారుకెళ్ళి మూడు కానాగంతలు పట్రా."

మొదటి చేపని వేయించిన వేడి ఇసుకలో తిన్నగా పూడ్చాం. రెండోదాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి, చెక్కపెట్టెలో పెట్టి, పెట్టెని అదే ఇసుకలో పూడ్చాం. మూడోదాని ఎడమపక్క చీల్చి, పేగులూ కాలేయమూ తీసి, కల్లుతో కడిగి, లోపలా బయటా పొడి దట్టించాం. నేట్రాన్‌కి బదులు బట్టలసోడా, వంటసోడా, ఉప్పు కలిపిన పొడి. గుండె మాత్రం కదపలేదు. మూడూ రేకుల షెడ్డులో పెట్టాం.

నాకు నిలకడ ఎక్కడిది? మర్నాడే తవ్వి చూశాను. మూడోనాడూ చూశాను.

"పదేపదే తవ్వితే చేప ఎండదు, నువ్వు ఎండుతావు" అన్నారు మాస్టారు. "నీ కన్నా పిల్లి నయం. అది వాసనొచ్చే దాకా ఆగుతుంది."

మూడోదాని పొడి తడిసి గడ్డకడితే మార్చడం, మొదటి రెండింటి ఇసుక మళ్ళీ వేయించడం నా పని. నలభయ్యో రోజున తీశాం.

మొదటిది చెక్కలా ఉంది. కళ్ళు లోపలికి పోయాయి కానీ పొలుసుతో సహా చేప చేపలాగే ఉంది.

పెట్టె మూత తీయగానే ఇద్దరం మొహాలు తిప్పుకున్నాం. గుడ్డ నల్లగా నానిపోయి ఉంది. లోపల చేప లేదు, ముద్ద ఉంది.

"అంత జాగ్రత్తగా చుట్టాం కదా!" అన్నాను.

"వాళ్ళూ అంతే జాగ్రత్తపడ్డారు" అన్నారు మాస్టారు. "ఏం జరిగిందో నువ్వే చెప్పు. చదివావుగా."

చెప్పాను. తొలినాళ్ళలో గోతిలో ముడుచుకున్నట్టు పడుకోబెట్టి ఇసుక కప్పేవారు. ఇసుకే తడి పీల్చేసేది. కొందరికి అప్పటికే జిగురు పూసిన గుడ్డలు చుట్టారనీ ఈమధ్య తేల్చారు. తర్వాత గొప్పవాళ్ళని ఇసుక తగలకుండా పెట్టెల్లో, ఇటుక గదుల్లో పెట్టారు. లోపలివాళ్ళు కుళ్ళిపోయారు. పోయినవాళ్ళకి శరీరం కావాలన్న నమ్మకం మాత్రం పోలేదు. దాంతో జిగురు గుడ్డలు మరిన్ని చుట్టారు, పైన సున్నంతో మొహం దిద్దారు. అదీ చాలక కడుపు కోసి, తడి అవయవాలు తీసి విడిగా దాచడం, నేట్రాన్‌లో ఎండబెట్టడం నేర్చుకున్నారు. ఇదంతా కుదరడానికి వందల ఏళ్ళు పట్టింది.

"పక్క కోసినవాణ్ణి తోటివాళ్ళే రాళ్ళు రువ్వి తరిమేవారట మాస్టారూ. పోయినవాడి ఒంటికైనా గాయం చేయడం పాపమని."

"కోయమన్నదీ వాళ్ళే, కొట్టిందీ వాళ్ళే. పాపం వాడు!" నవ్వారు. మూడో చేపని పైకెత్తారు. గట్టిగా, తేలిగ్గా ఉంది. "మరి గుండె ఎందుకు వదిలారు?"

"బుద్ధి అక్కడే ఉంటుందనుకున్నారు. మెదడు వాళ్ళకి లెక్కలేదు, ముక్కులోంచి కొక్కెంతో లాగి పారేసేవారు. గుండెని మాత్రం పరలోకంలో తక్కెడలో ఈకతో తూస్తారట. పాపాల బరువెక్కువైతే ఒక మృగం తినేస్తుంది. అందుకని ఛాతీ మీద రాతి పేడపురుగు బొమ్మ పెట్టి, దాని మీద చెక్కేవారు..."

"ఏమని?"

"నా గుండే, నా మీద సాక్ష్యం చెప్పకు అని."

ఆ మాట అన్నాక ఇంక ఆగలేకపోయాను.

"మాస్టారూ, పోయినవాళ్ళది ఒక్క ఎముక దాచుకుంటే... వాళ్ళకి ఇల్లు ఉంచినట్టేగా? అది ప్రేమేగా?"

మాస్టారు నా మొహంలోకి చూశారు. ఎవరిదని అడగలేదు. కుళ్ళిన చేప పెట్టెకి మూత పెట్టి, తెచ్చి నా చేతుల్లో పెట్టారు.

"వాసన పోయిందా?"

"లేదు."

"చేపకి తెలుస్తోందా?"

"లేదు మాస్టారూ."

"మరి ఎవరికి తగుల్తోంది?"

చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళిపోయారు. బకెట్లో చెంబు ముంచిన చప్పుడు వినిపించింది.

నేను పెట్టె పట్టుకుని అలాగే నిలబడ్డాను. పదోరోజున చేతులు జోడించుకుని నిలబడ్డ మామయ్య వీపు గుర్తొచ్చింది. చొక్కా లేదు, వెన్నుపూసలు లెక్కపెట్టేలా ఉన్నాయి. ఏడాదిగా ఆ మనిషి నా తప్పుకి తల్లిని క్షమాపణ అడుగుతూనే ఉన్నాడు.

గురువారానికి ఇంకా ఐదు రోజులున్నాయి. తిడతాడో, ఏడుస్తాడో తెలియదు. అమ్మమ్మ కోపం నీ మీద కాదు మామయ్యా, అనైనా మొదలుపెట్టాలి. ఇదంతా రాయడం ఇక్కడితో ఆపేసి, ఇప్పుడే ఫోన్ చేస్తాను.