సగం మాటకు తలూపు

ఏటి నడుమ ఉన్న ఆ లంకలో మనుషులు లేరు. కాబట్టి తగువులు ఉండవనుకుంటే పొరపాటే. రెల్లు పొదల్లో నక్కలు, ఇసుక దిబ్బల్లో కుందేళ్ళు, తుమ్మల కింద అడవిపందులు, అందరికంటే లోతుగా బొరియ తవ్వుకున్న ఏదుపంది ముళ్ళయ్య కుటుంబం. అందరికీ మాట పట్టింపులు దండిగానే ఉండేవి. అందుకే వాళ్ళ పెద్దలెవరో ఒక కట్టుబాటు పెట్టిపోయారు. సభలో ఒకరి మాట కాదనాలంటే, ముందు ఆ మాటను అన్నవాడికంటే బాగా చెప్పాలి. అది విని, ఆ మాట అన్నవాడు, "అవును, నేను చెప్పాలనుకున్నది ఇదే, నాకే చెప్పడం చేతకాలేదు" అని తల ఊపాలి. ఆ తర్వాతే కాదనడం. దాన్ని తలూపు అనేవాళ్ళు.

ఆ లంకలో కోటేరు అనే నక్క ఉండేవాడు. మూతి సూది, నాలుక అంతకంటే సూది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. కోటేరు నోరు మంచిదని ఊరంతా అనుకోవడం దగ్గరే ఈ కథ మొదలైంది. పోట్లాటలో వాడి పక్షాన ఉంటే నవ్వొచ్చు, ఎదుటి పక్షాన ఉంటే ఏడవాలి. అందరూ నవ్వే పక్షానికే పోయేవాళ్ళు.

ఆషాఢంలో ఒక మధ్యాహ్నం ముళ్ళయ్య సభ పిలిచాడు. అతను ఎప్పుడూ సభ పిలిచినవాడు కాదు. నిలబడగానే ఒళ్ళంతా వణికి, ముళ్ళు గలగలమన్నాయి. సభకు పెద్ద, తాబేలు మామ్మ. "చెప్పు నాయనా" అంది.

"మామ్మా, మనం లంక వదిలెళ్ళిపోవాలి. ఇయ్యాలే" అన్నాడు ముళ్ళయ్య. "రాత్రి మా తాత కల్లోకొచ్చేడు. లెగరా, లెగరా అన్నాడు. చీమలు కూడా గుడ్లు మోసుకుని తుమ్మలెక్కుతున్నాయి. ఇంకా, మా బొరియలో అడుగు గది ఉంది గదా, అందులో మట్టి తడిసింది. మూడ్రోజుల్నించీ..."

తాత పేరెత్తగానే ఒక కుందేలు కిసుక్కుమంది. ఆ నవ్వు విన్నాక ముళ్ళయ్యకు మిగతా మాట గొంతు దాటలేదు.

కోటేరు మాత్రం నవ్వలేదు. "ఇయ్యాలే" అన్న మాట దగ్గరే వాడికి ఇల్లు గుర్తొచ్చింది. ఇంట్లో నాలుగు పిల్లలున్నాయి, కళ్ళు తెరిచి రెండు రోజులైనా కాలేదు. పడమటి పాయ మోకాలి లోతే, దాటడం కష్టం కాదు. కానీ అవతలి గట్టున జాలరుల కుక్కలున్నాయి. నడవలేని పిల్లల్ని నోట కరుచుకుని ఆ కుక్కల ముందు నుంచి పోవడం వాడికి ఊహలో కూడా సాధ్యం కాలేదు. ఆ మాటే చెప్పి ఉంటే సరిపోయేది. అది నిజమైన మాట, బరువున్న మాట. కానీ సభలో భయపడ్డవాడికి విలువ ఉండదని, నవ్వించినవాడికే ఉంటుందని వాడికి చిన్నప్పటినుంచీ అనుభవం.

"నేను కాదంటాను మామ్మా" అని లేచాడు.

"కాదను. ముందు తలూపు తీసుకో."

కోటేరు ముళ్ళయ్య వైపు తిరిగి, ఎంతో మర్యాదగా మొదలుపెట్టాడు. "ముళ్ళయ్య మావా, మీ తాత కల్లోకొచ్చి లెగమన్నాడన్నావు. అవునా?"

ముళ్ళయ్య తల ఊపాడు.

"చీమలు చెట్టెక్కాయి కాబట్టి మనం ఏరు దాటాలన్నావు. అవునా?"

"అవును గానీ బాబూ, ఆ తడి..."

"తడి సంగతి మీ పిల్లల్ని వరసగా నిలబెట్టి అడుగు మావా. రాత్రి ఒంటేలుకి ఎవడు లేవలేకపోయాడో తేలుద్ది."

సభ గొల్లుమంది. అడవిపంది భద్రయ్య అయితే నేలమీద దొర్లాడు. ఆ నవ్వు తగ్గకముందే కోటేరు అందుకున్నాడు. కలలో తాత చెప్పినవన్నీ చేస్తే ఈ లంకలో ఎవడూ పెళ్ళే చేసుకోడన్నాడు. చినుకు పడితే చీమలు చెట్టెక్కుతాయి, ఎండకాస్తే దిగుతాయి, వాటితో పాటు ఎక్కి దిగడానికి మనకి ఆరు కాళ్ళున్నాయా అన్నాడు. అన్నవన్నీ సరైన మాటలే. కలను కొట్టడం తప్పు కాదు, చీమల్ని కొట్టడమూ తప్పు కాదు. ఆ రెండూ కొట్టకపోయినా పడిపోయేవే.

తాబేలు మామ్మ నవ్వలేదు. "కోటేరూ, ఇది తలూపు కాదు. అతను మూడు చెప్పాడు. నువ్వు చచ్చు పుచ్చు రెండు ఏరుకున్నావు. మూడోది అతను పూర్తి చెయ్యనే లేదు. మతి ఉన్నవాడు, పిల్లలున్నవాడు, ఎప్పుడూ నోరెత్తనివాడు ఆ తడి గురించి చెప్పడానికి వచ్చాడంటే ఏం చూసి వచ్చుంటాడు? అది అడుగు. అడిగి, అతని బదులు నువ్వు గట్టిగా చెప్పు. అప్పుడు కొట్టు."

"తల ఊపాడు మామ్మా, అందరూ చూశారు. ఊపిన తల మళ్ళీ ఊపమంటే మావకి మెడ పట్టేస్తది."

మళ్ళీ నవ్వులు. "ఆకలేస్తంది, తేల్చెయ్యండి" అన్నాడు భద్రయ్య.

మామ్మ ముళ్ళయ్యనే అడిగింది. "నువ్వు చెప్పు నాయనా. కోటేరు చెప్పిందేనా నీ మాట?"

"ఏమో మామ్మా. వచ్చేటప్పుడు చాలా పెద్ద మాట అనిపించింది. ఆ బాబు చెప్పాక నాకూ అలాగే ఉంది" అన్నాడు ముళ్ళయ్య. అని, ముళ్ళు అణుచుకుని బొరియకు పోయాడు.

ఎవరూ లంక వదలకూడదని తీర్మానమైంది. ఒకరు దాటినా జాడ పట్టుకుని కుక్కలు అందరి మీదికీ వస్తాయి కాబట్టి విడిగా పోవడం కూడా కూడదన్నారు. మామ్మ డిప్పలోకి తల లాక్కుంది. పెద్దరికానికి ఒక్కోసారి అంతే చేతనవుతుంది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. కోటేరు రచ్చ గెలిచి, పొద్దు వాలేవేళకి ఇంటికొచ్చి, భార్య సింగారికి జరిగిందంతా ఆడి చూపించాడు. సింగారి పిల్లలకి పాలిస్తూ వింది. పిల్లల్ని వరసగా నిలబెట్టి అడగమన్న చోట కూడా ఆమె నవ్వలేదు.

"తడి ఎందుకుందంటాడు?" అంది.

"ఎందుకుంటే ఏంటే? గెలిచేశాం గదా."

"గెలిచావులే. నేను సభకి రాలేదు, అందుకడుగుతున్నాను. వాన పడి ఇరవై రోజులైంది. పైనుంచి నీళ్ళు రాలేదు. మరి ఎక్కణ్ణించి?"

"కిందనించి అయ్యుంటది" అన్నాడు కోటేరు.

"కింద ఏముంది?"

"ఇసుక. ఇసుకలో ఏటి నీళ్ళు." వాడి గొంతులో ఆట పోయింది. "మూడ్రోజుల్నించీ అన్నాడు. అంటే రోజురోజుకీ పైకొస్తందన్నమాట. అంటే ఏరు పెరుగుతంది."

"ఏరు పెరిగితే మన పాయలో తెలీదా?"

ఆ ప్రశ్న గట్టిది. ముళ్ళయ్య మాటకు అంతకంటే మంచి అడ్డు లేదు. కోటేరు దానికి ముళ్ళయ్య తరఫున జవాబు వెతికాడు, జీవితంలో మొదటిసారి. జవాబు దొరికింది. పడమటి పాయ తలదగ్గర ఇసుక మేట అడ్డం ఉంది. ఏరు ఎంత పెరిగినా ఆ మేట దాటేదాకా పాయలో చుక్క పెరగదు. దాటిన పూట మాత్రం ఒక్కసారే వస్తుంది. మనం పెద్ద ఏటి వైపు పోం, రోజూ పాయలోనే నీళ్ళు తాగి, అంతా బాగుందనుకుంటాం. అందరికంటే లోతున పడుకునేవాడికే ముందు తెలుస్తుంది.

పేర్చినకొద్దీ ఆ మాట నిలబడుతూనే ఉంది. ఎక్కడ తట్టినా కదలలేదు. "అలా అనలేదే ఆ మావ" అన్నాడు కోటేరు, ఎవరినో దెప్పుతున్నట్టు.

"అననిచ్చావా?" అంది సింగారి. "పోయి ఆ గదిలో ఒకసారి చెయ్యి పెట్టి చూసిరా. పొడిగా ఉంటే హాయిగా పడుకుందాం. తడిగా ఉంటే మామ్మని లేపు."

ముళ్ళయ్య బొరియ నాలుగు అంగల దూరం. కోటేరు లేచాడు, గుమ్మందాకా వెళ్ళాడు. అక్కడ వాడికి మధ్యాహ్నపు నవ్వు గుర్తొచ్చింది. ఇప్పుడు పోయి అడిగితే ఆ గెలుపంతా తిరిగి ఇచ్చేసినట్టే. భద్రయ్య జన్మంతా ఎత్తి చూపుతాడు. "తెల్లారి చూస్తాలే" అన్నాడు.

తెల్లవారుతుండగా మేట తెగింది. చప్పుడు కూడా పెద్దగా రాలేదు. మోకాలి లోతు పాయ ఎర్రనీళ్ళతో నిండి, కోటేరు లేచేసరికి రెల్లు మొదళ్ళలో ఉంది. వాడొక పిల్లని కరుచుకున్నాడు, సింగారి ఒకదాన్ని. నక్కకు నోరు ఒకటే. మిగతా రెండూ గుమ్మంలో పడి అరుస్తూంటే, మళ్ళీ వస్తానని చెప్పి వాడు నీళ్ళలోకి దూకాడు. నడిపాయలో ఒక సుడి వాణ్ణి ముంచింది. పైకి తేలేసరికి నోట్లో పిల్ల ఉంది గానీ అందులో ప్రాణం లేదు. వెనక్కి చూశాడు. గుమ్మం లేదు.

గట్టు చేరినవాళ్ళు గుప్పెడు. రెండు కుందేళ్ళని కుక్కలు పట్టుకుపోయాయి, కోటేరు భయం కూడా నిజమేనని చూపించడానికన్నట్టు. ముళ్ళయ్య ఇల్లు అందరికంటే లోతు కదా, అక్కణ్ణించి ఒక్క ముల్లు కూడా తేలలేదు. మాట చెప్పినవాడు, తన మాట తానే నమ్మడం మానేసి, ఆ గదిపైనే పెళ్ళాం పిల్లలతో పడుకున్నాడు.

పొద్దెక్కాక తాబేలు మామ్మ నీళ్ళలోంచి నడిచొచ్చింది. ఎవరూ పిలవకుండానే చుట్టూ చేరారు. భద్రయ్యకు నవ్వే మొహం లేదు. సింగారి మిగిలిన ఒక్క పిల్లని పొట్టకింద పెట్టుకుని, కోటేరుకి వీపు తిప్పి కూర్చుంది.

"నిన్న మీ ఇద్దరి దగ్గరా నిజముంది కోటేరూ" అంది మామ్మ. "అతని దగ్గర తడి, నీ దగ్గర నడవలేని పిల్లలు, గట్టున కుక్కలు. రెండూ బయటపెడితే, పగలు కుక్కలు వలల దగ్గరుండే వేళ చూసి, పిల్లల్ని ఒక్కొక్కటిగా దాటించేవాళ్ళం. పాయ మోకాలి లోతే కదా నిన్న. నువ్వు అతని మాటా నిలబెట్టలేదు, నీ మాటా చెప్పలేదు."

కోటేరు లేచి నిలబడ్డాడు. ఈసారి గొంతు సవరించుకోలేదు, ఎవరి మొహమూ చూడలేదు.

"ముళ్ళయ్య మావ చెప్పిందిది" అన్నాడు. "వాన లేకుండా తన అడుగు గది మూడ్రోజులుగా తడుస్తంది. పైనుంచి రాని నీరు కిందనించే రావాలి. అంటే ఏరు పెరుగుతంది. మేట అడ్డం ఉంది కాబట్టి పాయ మనకి చెప్పదు, చెప్పిన పూట దాటనివ్వదు. అందుకే ఇయ్యాలే అన్నాడు. కలనీ చీమల్నీ తన భయానికి తోడు తెచ్చుకున్నాడు, అవి పోయినా మాట పోదు. నమ్మకపోతే వచ్చి గదిలో చెయ్యి పెట్టి చూడండి అనబోయాడు. నేను అననివ్వలేదు."

చెప్పి, అలవాటు కొద్దీ, తలూపు కోసం పక్కకు చూశాడు. ఆ మాటకు తల ఊపవలసినవాడు ఎర్రనీళ్ళ అడుగున ఉన్నాడు.

ఎదుటివాడి మాటను నిలబెట్టి చూడకుండా పడగొట్టినవాడు, ముందు నవ్వులు గెలుచుకుంటాడు, తర్వాత ఆ మాట కిందే పడతాడు.