నేరేడు మొలకలు చెప్పిన నిజం

అనగనగా, కొండవాగు రెండుగా చీల్చిన ఒక అడవి. ఆ అడవిలో ముక్కు మీద మరో ముక్కు మొలిచినట్టుండే పెద్ద పిట్టలు ఉండేవి. మనం వాటిని కొమ్ముపిట్టలు అందాం. నవ్వకండి, వాటికి ఆ ముక్కంటే ఎంతో గర్వం.

వాటిలో మంకెన అని ఒక ఆడపిట్ట, పొగరెక్క అని దాని మగడు. ఏటా గుడ్లు పెట్టే వేళకు మంకెన చెట్టు తొర్రలో దూరి, లోపలి నుంచి మట్టితో వాకిలి మూసుకునేది. ముక్కు పట్టేంత సందు ఒక్కటే మిగిలేది. లోపల దాని ఈకలన్నీ రాలిపోయేవి. కొత్తవి వచ్చేదాకా ఎగరలేకపోయేది. పొగరెక్క ఆ సందులోంచి పళ్లు అందిస్తేనే తల్లికీ పిల్లకీ తిండి.

చీకట్లో మంకెన రోజంతా ఒక చప్పుడు కోసం ఎదురుచూసేది. పొగరెక్క రెక్కలు గాలిని కోస్తూ వచ్చే 'హూష్, హూష్' చప్పుడు. అది వినబడితే దాని ప్రాణం లేచి వచ్చేది. నేరేడు పళ్లు తిని, గింజలు సందులోంచి బయటికి ఉమ్మేది. అవి చెట్టు కింద మొలిచేవి.

మూడో ఏడు కూడా మంకెనకు కొత్త ఈకలు వచ్చాయి. గోడ పగలగొట్టుకుని బయటికొచ్చింది. పిల్ల కూడా ఎగిరిపోయింది. 'ఈసారి నేనే ఎదురెళ్లి ఆశ్చర్యపరుస్తాను' అనుకుని మంకెన, పొగరెక్క రోజూ వచ్చే దిక్కుగా వాగు దాటింది.

అవతల ఒక మద్దిచెట్టుకు తొర్ర ఉంది. ఆ తొర్ర సందులో ఒక ముక్కు. ఆ ముక్కుకు పండు అందిస్తున్నది పొగరెక్క. అతను వెళ్లిపోయాక మంకెన దగ్గరికి వెళ్లింది.

"ఎవరమ్మా నువ్వు?" అని లోపలి పిట్ట అడిగింది.

"పొగరెక్క పెళ్లాన్ని."

"ఆమెను కొండచిలువ మింగిందని చెప్పాడు" అంది ఆ పిట్ట. పాపం, దానికీ తెలియదు.

మంకెన ఇంటికొచ్చి మగణ్ణి అడిగింది.

"అది వేరే పిట్ట. ఇన్నాళ్లు చీకట్లో ఉన్నావుగా, ఎండకు నీ కళ్లు చెదిరాయి" అన్నాడు పొగరెక్క. మంకెన ఒక రోజంతా తన కళ్లనే అనుమానించింది. అబద్ధం చేసే పెద్ద నష్టం ఇదే, పిల్లలూ.

మళ్లీ అడిగింది. "సరే, తప్పు చేశాను. ఈ ఒక్క ఏడే" అన్నాడు.

మంకెన అతన్ని మద్దిచెట్టు కిందికి తీసుకెళ్లింది. అక్కడ నేరేడు మొక్కలున్నాయి. రెండాకులవి కొన్ని, మీ మోకాలంతవి కొన్ని, మీ నడుమంతవి కొన్ని. తమ చెట్టు కింద ఏటా మొలిచినవి కూడా సరిగ్గా అలాగే ఉన్నాయి.

"ఇప్పుడు చెప్పు" అంది.

పొగరెక్క తల దించుకున్నాడు. "మూడేళ్లు."

మంకెన తన తొర్ర ముందు కూర్చుని తిండి మానేసింది. పక్క కొమ్మ మీది ఉడుత వచ్చింది.

"ఈకలు రాలి బోసిగా ఉంటాను వదినా. అందుకే పోయాడేమో" అంది మంకెన.

"నీ ఈకలు రాలింది పిల్ల కోసం. అబద్ధమాడింది అతని నోరు. నడుమ నీ తప్పేముంది?" అంది ఉడుత. "ముందు లేచి ఏదైనా తిను."

మంకెన లేచింది. మొదటి రోజు పక్క చెట్టు దాకా, తర్వాత వాగు దాకా, ఆ తర్వాత కొండ దాకా ఎగిరింది. పళ్ల చెట్లు ఎక్కడున్నాయో తనే కనిపెట్టుకుంది. అయినా సాయంత్రమయితే చెవి ఆ 'హూష్' కోసమే వెతికేది. ఆ బెంగ తగ్గలేదు. తగ్గిందని నేను మీకు అబద్ధం చెప్పను.

మళ్లీ గుడ్ల కాలం వచ్చింది. పొగరెక్క ముక్కున మట్టి పట్టుకుని వచ్చి, తొర్ర ముందు పెట్టాడు.

"ఇక వాగు దాటను. అవతలామె కూడా నన్ను రానివ్వలేదు. లోపలికి పద, మంకెనా. క్షమించలేదా?"

"క్షమించాను. నువ్వంటే ఇంకా ప్రాణమే" అంది మంకెన. "కానీ లోపలికి వెళ్లను. ఈ వాకిలి మూసేది నేను. ఎప్పుడు మూయాలో కూడా నేనే చెప్తాను."

"ఎప్పుడు?"

మంకెన ఒక నేరేడు గింజను అతని ముందు నేల మీద పడేసింది. "ఇది మొలిచి, అవతలి ఒడ్డున నడుమెత్తున్న మొక్కంత అవనీ. అన్నాళ్లూ ఎక్కడికి వెళ్తున్నావో చెప్పి వెళ్లు, చెప్పిన చోటే ఉండు. అప్పుడు అడుగు. అవునంటానో కాదంటానో ఇప్పుడు మాటివ్వను."

పొగరెక్క గింజ మీద మట్టి కప్పాడు.

మంకెన కొండ వైపు ఎగిరింది. సగం దూరం వెళ్లాక ఆ చప్పుడు వినబడింది. 'హూష్, హూష్.' అలవాటుగా గుండె ఝల్లుమని వెనక్కి చూసింది. వెనక ఎవరూ లేరు. ఆ చప్పుడు తన రెక్కలదే.

నీతి: క్షమించడం మనసు చేసే పని, నమ్మడం కాలం చేసే పని. ఆ కాలం గడిచేదాకా మన రెక్కల మీద మనం ఎగరాలి.