నిదానగట్టు మహాత్మ్యం

పూర్వం నల్లమల తూర్పు అంచున, వాగు మలుపు తిరిగే చోట నల్లరాతి గట్టు మీద గుండమనాయుడనే ప్రభువు చిన్న కోట కట్టుకొని పరిపాలన సాగించేవాడు. ఆయనకు భార్య లేదు. కుమారుడు దామనను పురిటినాటి నుంచి పెంచినది ఆయన చెల్లెలు ఏచసాని. పెండ్లయిన ఏడాదికే భర్తను పోగొట్టుకొని పుట్టింటికి చేరిన ఆ సాధ్వికి ఆ బిడ్డయే సర్వస్వం. ఈ క్షేత్రానికి పేరు వచ్చిన కథంతా ఆమెకు సంభవించిన ఒక వింత అవస్థ చుట్టూ అల్లుకొని ఉన్నది.

ఒక వర్షాకాలంలో ఏచసానికి విషజ్వరం సోకింది. జ్వరం విడిచినా చెవిలో హోరు విడువలేదు. తల తిప్పితే గోడలు తిరిగేవి. అటువంటి దినాలలో ఒక మధ్యాహ్నం ఆమె వెల్లకిలా పడుకొని కునుకు తీస్తుండగా తెలివి వచ్చింది గాని ఒళ్లు రాలేదు. కాలు కదపబోతే కదలలేదు, పిలవబోతే నోరు పెగలలేదు. రొమ్ము మీద ఎవరో కూర్చున్నట్టు బరువు. తేనెటీగల తుట్టె తలలో కదిలినట్టు ఝంకారం పుట్టి, అది అరికాళ్ల దాకా వణుకై పాకింది. ఆ భయం తారస్థాయికి చేరిన క్షణంలో, కట్టు విప్పిన పడవ ఒడ్డు విడిచినంత మెత్తగా, తాను పైకి లేచిపోయినట్టు ఆమెకు తోచింది. దూలం దగ్గర నుంచి కిందికి చూస్తే మంచం మీద తన శరీరమే ఉన్నది. దానిని చూసి ఆమెకు జాలి గాని భీతి గాని కలుగలేదు. జ్వరం లేదు, వైధవ్యం లేదు, బరువన్నదే లేదు. అంత హాయిని ఆమె ఇహంలో ఎన్నడూ ఎరుగదు. మరుక్షణం దాసి అడుగుల చప్పుడుకు ఉలిక్కిపడి శరీరంలో మేలుకొన్నది.

ఆ సంగతి విని కోటకు వచ్చినవాడు విరూపసిద్ధుడు. ఆయన వేషధారి కాడు. తాను బోధించినది మనసారా నమ్మినవాడు. "తల్లీ, ఈ స్థూలదేహంలో ఒరలో కత్తిలా సూక్ష్మదేహం ఉంటుంది. నీది ఒర దాటడం నేర్చింది. రెంటినీ వెండితీగ వంటి సూత్రం కలిపి ఉంచుతుంది. అది తెగితే మరణమే. నీవు వెళ్లినప్పుడు నీ దేహాన్ని ఎవరూ తాకరాదు" అని ఉపదేశించాడు. అంతవరకు ఆమె ఏ తీగనూ చూచి ఉండలేదు. ఉపదేశం పొందిన తరువాతి పర్యాయం మాత్రం నాభి నుంచి సాగిన వెండితీగ ఆమెకు స్పష్టంగా కనిపించింది. సిద్ధుడు సంతోషించాడు. కోట వైద్యుడైన మంచనార్యుడు మాత్రం ఆ మాటను అంత తేలికగా ఒప్పుకోలేదు.

మంచనార్యుడు ఆమెను అసత్యవాది అనలేదు. తాటిచెట్టు మీద నుంచి పడి చెవి వెనుక దెబ్బ తిన్న కల్లుగీతవాడు, మూర్ఛరోగపు ఆడపడుచు, ప్రాణం మీదికి వచ్చి బతికిన బాలింత, వీరందరి నోట ఇటువంటి మాటనే తాను విన్నానని చెప్పాడు. "అమ్మా, నీవు పొందినది పొందినదే. కాదనడానికి నేనెవరిని? అయితే నేనిక్కడ ఉన్నానన్న ఎరుక ఊరికే కలగదు. కన్ను చూచినది, చర్మం తాకినది, తల లోపల ఒరుగును తెలిపే ఇంద్రియం చెప్పినది, మూడూ కలిపి మనసు ఆ ఎరుకను అల్లుకుంటుంది. ఒళ్లు నిద్రలో ఉండి తెలివి మేలుకొంటే ఆ అల్లిక చెదురుతుంది. అప్పుడు మనసు నిన్ను మరొకచోట నిలిపి, చుట్టూ ఉన్న గదిని జ్ఞాపకంతో చిత్రిస్తుందని నా ఊహ. ఊహే గాని నిశ్చయం కాదు. పరీక్షిస్తే తెలుస్తుంది" అన్నాడు.

పరీక్షకు గుండమనాయుడు సమ్మతించాడు. దూలం మీద, కింద నుంచి కంటికి ఆననిచోట, ఒక వస్తువును ఉంచాలి. అది ఏమిటో వైద్యునికి గాని సిద్ధునికి గాని తెలియరాదు. తెలిస్తే ముఖం చూచి గ్రహించిందనే మాట వస్తుంది. అందుకు ఎన్నుకొన్నవాడు కేతన. వాగుకు ఆవల ఏలుబడి చేసే రాచభూపతికి ఇతడు స్వయానా తమ్ముడు. ఉభయ రాజ్యాలకూ సంధి కుదిరిన నాటి నుంచి పూటగా, అంటే అన్న మాటకు హామీగా, ఈ కోటలోనే ఉంటున్నాడు. అన్న కత్తి ఎత్తితే తమ్ముని తల పోవాలన్నది ఒడంబడిక. అయినా కేతన ఏ అరమరికా లేక అందరితో కలిసిపోయాడు. ఏచసానిని అమ్మా అని పిలిచి ఆమె చేతి ముద్దలు తినేవాడు. అతడు నిచ్చెన వేసుకొని ఒక వస్తువును దూలంపై ఉంచి, వెలుపలికి వెళ్లిపోయాడు.

ఏచసాని శయనించింది. హోరు వచ్చింది, వణుకు వచ్చింది, లేచింది, దూలాన్ని చూచింది. మేలుకొని, "ఇత్తడి దీపపు సెమ్మె. వెలుగుతున్నది" అని నిస్సంశయంగా చెప్పింది. నిచ్చెన వేసి చూస్తే అక్కడ ఉన్నది కొబ్బరితాడు చుట్ట.

సిద్ధుడు చలించలేదు. "సూక్ష్మలోకంలో తలపులు కూడా వస్తువులై కనిపిస్తాయి. అది ఎవరి తలపులోని దీపమో" అన్నాడు.

"కావచ్చు స్వామీ. ఏది తలపో, ఏది వస్తువో అమ్మకు ఎలా తెలియాలి?" అని వైద్యుడు అడిగాడు.

"చూచేవారికి తెలుస్తుంది."

"తెలియలేదు గదా!"

పరీక్షలు మళ్లీ మళ్లీ జరిగాయి. ఏ ఒక్కటీ కుదరలేదు. అయితే ఒకనాడు ఆమె వాగులో పడవ బోల్తా పడినట్టు చూచానన్నది; సాయంకాలానికి అదే వార్త వచ్చింది. పొంగిన వాగులో పడవలు బోల్తాపడటం ఆ ఋతువులో వింత కాదని, ఆమె చూచి జరగనివి ఎన్నో ఉన్నాయని మంచనార్యుడు మొరపెట్టుకొన్నాడు. జరగని వాటిని ప్రభువు మరచిపోయాడు; జరిగినదే ఆయన మనసులో నాటుకొన్నది.

అప్పుడు దామన సరిహద్దు కావళ్లు చూడటానికి అడవిలోకి వెళ్లాడు. వెనువెంటనే ముసురు పట్టింది. వాగులు కలిసిపోయాయి. రోజులు గడుస్తున్నా కబురు లేదు. గుండమనాయుడు అన్నం ముట్టక చెల్లెలి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏచమ్మా, ఒక్కసారి వెళ్లి చూడవే. నా బిడ్డ ఎట్లా ఉన్నాడో చెప్పు."

"వద్దన్నయ్యా. నా మనసు బాగులేదు. ఏం కనబడుతుందోనని భయంగా ఉంది."

"నాకు భయంగా లేదనుకొన్నావా?"

ఆ మాటకు ఆమె ఎదురాడలేక పడుకొన్నది. పైకప్పు దాటి, తడిసిన అడవి మీదుగా వాగు ఇసుకకు చేరింది. అక్కడ దామన వెల్లకిలా పడి ఉన్నాడు. గొంతులో బాణం. పక్కనే ఇసుకలో గుచ్చిన రాచభూపతి వరాహధ్వజం. చెయ్యి చాచింది గాని ముఖాన్ని తాకలేకపోయింది. మేలుకొంటూనే ఆమె పెట్టిన కేకకు కోట దద్దరిల్లింది. చూచినదంతా ఆ కేకలోనే బయటపడింది.

గుండమనాయుడు కేతనను గట్టు మీది బండ దగ్గరకు పట్టి తెప్పించాడు. మంచనార్యుడు కాళ్ల మీద పడ్డాడు. "ప్రభూ, వార్తాహరుడు వచ్చేదాకా నిదానించండి. మీరు చూడమని పట్టుబట్టారు; అమ్మ దేనికి భయపడిందో అదే ఆమెకు కనిపించి ఉంటుంది." సిద్ధుని అడిగితే, అంత స్పష్టమైన దర్శనం అసత్యం కాజాలదన్నాడు.

కేతన చేతులు కట్టి ఉన్నాయి. అతడు ఏచసాని వైపు తిరిగి, "అమ్మా, మీరు చూచిన జెండా మీద బొమ్మ ఏది?" అని అడిగాడు.

"వరాహం, నాయనా."

"ఆ జెండాను సంధినాడు మీ అందరి ఎదుటనే మా అన్న అగ్నిలో వేశాడు గదమ్మా. ఇప్పుడు మాది వట్టి పసుపు జెండా."

ఏచసానికి అప్పుడు తెలిసింది. ఆ ధ్వజం తాను ఇసుకలో చూచినది కాదు; ఏళ్ల తరబడి బురుజు మీద నుంచి చూచి భయపడినది. తన బిడ్డ శవాన్ని తన భయమే చిత్రించింది. "అన్నయ్యా, ఆగు! నేను చూచింది నిజం కాదు!" అని అరిచింది. ఆమె కేతనపై మమకారంతో మాట మారుస్తున్నదనుకొన్నాడు ప్రభువు. చెయ్యి ఎత్తాడు. కత్తి దిగింది.

మరునాడు పసుపు జెండా ముందు నడవగా వాగు దాటి ఒక పల్లకీ వచ్చింది. అందులో దామన ఉన్నాడు. కొండచరియ విరిగి కాలు నలిగిపోతే రాచభూపతి మనుషులే అతనిని మోసుకొనిపోయి కట్లు కట్టారట. వెంట వచ్చిన మంత్రి ఫలపుష్పాదులు ముందుంచి, "మా చిన్నదొరను ఒక్కసారి చూచి రమ్మన్నారు మా ప్రభువులు" అన్నాడు.

గుండమనాయుడు ఆయుధం విడిచి, కేతన దేహాన్ని తన భుజాల మీద మోసుకొని వాగు దాటాడు. తన తలను తీసుకొమ్మని రాచభూపతిని వేడుకొన్నాడు. "నీ తల నాకెందుకు? నా తమ్ముడు పోయిన చోట ఇక ఎవరూ ఏలరాదు" అన్నాడాయన. కోట ఖాళీ అయింది. దామన కుంటుకాలితో దేశాంతరం పోయాడు. అత్త ముఖం చూడటానికి అతనికి మనసొప్పలేదు. గుండమనాయుడు ఆ బండ చెంత శివలింగాన్ని ప్రతిష్ఠించి, వైద్యుడు నిదానించమన్న మాటనే స్వామికి పేరుగా పెట్టి, ఆ ఏడాదే అన్నం మానుకొని కన్నుమూశాడు. విరూపసిద్ధుడు అడవికి వెళ్లిపోతూ కూడా తన విశ్వాసం వదలలేదు. దర్శనం నిజమే, అర్థమే తప్పిందన్నాడు. మంచనార్యుడూ తన సందేహం వదలలేదు. "ఆ దూలం మీది వస్తువును ఎవరైనా సరిగా చెప్పిననాడు నేనే మొదట మొక్కుతాను" అంటుండేవాడు.

ఏచసాని మాత్రం గట్టు విడువలేదు. ముసలితనం దాకా ఆ అవస్థ ఆమెను విడువలేదు. హోరు మొదలుకాగానే కాలి బొటనవేలు కదపడానికి పెనుగులాడేది. అది కదిలితే ఒళ్లంతా తిరిగి వచ్చేది. ఒకప్పుడు స్వర్గమనిపించిన ఆ తేలికదనం ఆమెకు నరకమైంది. ఇటువంటి బాధతో వచ్చినవారికి, "వెల్లకిలా పడుకోకండి. ఒకరు కాలివేలు పట్టుకొని పక్కన కూర్చోండి. తాకితే ప్రాణం పోదు" అని చెప్పేది. ఏమి చూచావని ఎవరైనా అడిగితే, "నేను వెళ్లాననే ఇప్పటికీ అనిపిస్తుంది. కాని నేను చూచిన దానికి ఒక మనిషిని చంపారు" అనేది.

నిదానేశ్వరాలయం ఎదుట ఉన్న నల్లబండ మీద ఎర్రటి చార నేటికీ కానవస్తుంది. రాతిలోని ఇనుపఖనిజపు ఊట అని కొందరంటారు. కేతన రక్తమని భక్తులంటారు. నిద్రలో ఒళ్లు బిగుసుకొనేవారు నేటికీ ఇక్కడి మంటపంలో పక్కకు ఒత్తిగిలి పడుకొంటారు. అయినవారు కాలివేలు పట్టుకొని కూర్చుంటారు. శ్రావణంలో కేతన తిథినాడు తెల్లవారుజామున పూజ మొదలైనా హారతి ఇవ్వరు. ఊరంతా వాగు వైపు ముఖం పెట్టి, అన్నపానాలు మాని, మాటలు మాని కూర్చుంటుంది. పొద్దు వాలాక ఆవలి గట్టు నుంచి పసుపు జెండాతో ఒక మనిషి వాగు దాటి వచ్చి, "బిడ్డ క్షేమం" అని చెబుతాడు. అప్పుడు ఎవరూ జయం పలకరు, గంట కొట్టరు. ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకొంటారు. అర్చకుడు బండ మీది చారను నీళ్లతో కడిగి, అది పోలేదని చూచుకొని, హారతి వెలిగిస్తాడు.