సాయంత్రపు త్రేన్పు

కొండకి తూర్పున కొన్ని ఊళ్ళు ఉండేవి. ఆ ఊళ్ళలో సాయంత్రం గంట కొట్టగానే ప్రతివాడూ తన అరుగు మీద నిలబడి గట్టిగా త్రేన్చాలి. అది ఆచారం.

ఆచారం పుట్టినప్పుడు అందులో అబద్ధం లేదు. పెద్దూళ్ళో జనం దొర గాదెలు బద్దలుకొట్టి, తరాల తర్వాత మొదటిసారి కడుపునిండా తిని, హాయిగా త్రేన్చారు. ఆ చప్పుడు పెద్దూరి పెద్దకి తెగ నచ్చి, రోజూ వినాలనుకున్నాడు. తర్వాత బందిపోట్లని తరిమే పని మీద అతని వస్తాదులు చుట్టుపక్కల ఊళ్ళకి వెళ్ళారు. బందిపోట్లు పోయారుగానీ వస్తాదులు పోలేదు. అలా ఆ ఊళ్ళకీ త్రేన్పు వచ్చింది. పెద్దూరి పెద్దని అందరూ పెద్దన్న అనడం మొదలుపెట్టారు. అనకపోతే ఊరుకోరు మరి.

మన కాపలావాడిది కొండ అంచున ఉన్న ఊరు. పడమటి గేటు దగ్గర అతని ఉద్యోగం. కొండకి అవతల సంత ఉంది. అక్కణ్ణించి దొంగలు రాకుండా కంచె వేశామని ఊరిపెద్ద చెప్పేవాడు. ముళ్ళు మాత్రం ఊరివైపుకే వంగి ఉండేవి. కాపలావాడు దాని గురించి ఆలోచించేవాడు కాదు. ఆలోచిస్తే ఆకలేస్తుంది.

ఎవరేం పండించాలో, ఎంత చెయ్యాలో, ఎంతకి అమ్మాలో అంతా ఊరిపెద్దే చెప్పేవాడు. కుండల్ని బరువు చూసి మెచ్చుకుంటానన్నాడు. కుమ్మరులు ఇద్దరు పట్టినా లేవని కుండలు చేశారు. మధ్యాహ్నం పొయ్యి మీద పెడితే పొద్దుగూకినా నీళ్ళు కాగేవి కావు. మెప్పు మాత్రం దక్కింది. వీధిలో వరస కనబడితే జనం ముందు అందులో నిలబడి, తర్వాత దేనికోసమని అడిగేవాళ్ళు. ఎంత పండిందని ఊరిపెద్ద ఎవరినీ అడగలేదు. త్రేన్పులు విని అంచనా కట్టి పెద్దన్నకి కబురు పంపేవాడు. వచ్చే ఏడు ఇంకా గట్టిగా త్రేన్చండని తిరుగుకబురు వచ్చేది.

కాపలావాడు ఖాళీ కడుపుతో త్రేన్చడంలో ఆరితేరాడు. గాలి మింగి, గడ్డం ఎత్తి వదలాలి. పక్కింటివాళ్ళ త్రేన్పులు వింటూ, ఊరంతా తింటోంది, నా ఇంటికే ఏదో శని పట్టిందని కుమిలిపోయేవాడు. పక్కింటాయనా సరిగ్గా అలాగే కుమిలిపోతున్నాడని అతనికెలా తెలుస్తుంది? ఆఖరికి ఇంట్లో పెళ్ళాం ముందు కూడా త్రేన్చేవాడు. ఆమె కూడా అతని ముందు త్రేన్చేది.

త్రేన్చని ఊళ్ళూ ఉన్నాయి. పూర్వం ఒక ఊరు ఒక సాయంత్రం నోరు మూసుకుంది. తెల్లారేసరికి పెద్దన్న వస్తాదులు దిగి ఎముకలు విరిచారు. కొన్నాళ్ళకి ఇంకో ఊళ్ళోనూ అదే జరిగింది. కాబట్టి ఊరిపెద్దలకి బలం అంటే తమ జబ్బ కాదు, పెద్దూరి నుంచి వచ్చే ఆ వస్తాదులే.

పెద్దన్న పెరట్లో నూనె ఊట ఉంది. సంతలో నూనె ప్రియంగా ఉన్నన్నాళ్ళూ దాన్ని అమ్మి గింజలు కొని, తమ్ముళ్ళకి, అంటే ఊరిపెద్దలకి, చవగ్గా నూనె పోసి నెట్టుకొచ్చాడు. తమ్ముళ్ళేమో సంతలో అప్పులు చేసి తళుకులు తెచ్చారు. అంతలో సంతలో నూనె ధర చతికిలపడింది. పెద్దన్న ఇంట్లో కలపంతా సంతవాళ్ళకి పోటీగా దుడ్డుకర్రలు చెక్కడానికే పోతోంది, నాగలికి మిగలడం లేదు. దక్షిణపు కొండల్లో తగువుకి వెళ్ళిన వస్తాదులు కుంటుకుంటూ తిరిగొస్తున్నారు. ఒకరి తర్వాత ఒకరుగా ముసలి పెద్దన్నలు పోయి, వయసులో ఉన్న పెద్దన్న గద్దెక్కాడు.

అతను మంచివాడు. ఇల్లు బాగుచేద్దామనుకున్నాడు, కూలుద్దామని కాదు. "నిజం చెప్పండి. నిజం తెలిస్తేగా బాగుచేసేది," అన్నాడు. జనం భయపడుతూ భయపడుతూ చెప్పారు. తిన్నవాడు ఒక్కడూ లేడని అప్పుడు తేలింది. తర్వాత తమ్ముళ్ళకి కబురు పెట్టాడు. "మీ ఇంటి సంగతి మీరే చూసుకోండి. నా వస్తాదులు రారు."

ఊరిపెద్దలు పడీ పడీ నవ్వారు. కొత్తగా వచ్చాడు, సరదాగా అంటున్నాడనుకున్నారు.

సరదా కాదని ముందు పడవలు కట్టేవాళ్ళ ఊళ్ళో తెలిసింది. అక్కడి పనివాళ్ళు ఎప్పట్నించో సొంత జట్టు కట్టి తిరగబడుతున్నారు. విధిలేక ఊరిపెద్ద వాళ్ళతో ఒక బల్ల దగ్గర కూర్చుని, చేతులెత్తించి చూద్దామన్నాడు. అతనికోసం దాదాపు ఒక్క చెయ్యీ లేవలేదు. వస్తాదులు రాలేదు. ఇంకో ఊళ్ళో కంచె తుప్పుపట్టింది. కొత్త తీగకి డబ్బుల్లేక అక్కడి పెద్ద దాన్ని పీకేశాడు. మన కాపలావాడి ఊరివాళ్ళు చుట్టపుచూపుగా ఆ ఊరు వెళ్ళడం మొదలుపెట్టారు. అటునుంచటే సంతకి పోయి ఎవరూ తిరిగి రావడం లేదు.

ఒక సాయంత్రం గంట మోగింది. కాపలావాడి ఊరు త్రేన్చలేదు. జనం వీధిలోకి వచ్చి ఊరికే నిలబడ్డారు. పక్కింటివాడి నోరు కూడా మూసే ఉందని ప్రతివాడూ చూశాడు. అంతే, భయం సగం దిగిపోయింది. మర్నాడు ఇంకా ఎక్కువమంది వచ్చారు.

కంగారుపడ్డ ఊరిపెద్ద ఏదో ఒకటి రాయించి దండోరావాడి చేతిలో పెట్టాడు. దండోరావాడు డప్పు కొట్టి, గేటు దాటి బయటికి వెళ్ళొచ్చని చదివాడు.

"ఎప్పట్నించి?" అని ఎవరో అడిగారు.

వాడు కాగితం తిరగేసి మరగేసి చూశాడు. "నాకు తెలిసి... ఇప్పట్నించే," అన్నాడు.

ఊరంతా పడమటి గేటుకి పరిగెత్తింది. కాపలావాడి చేతిలో కర్ర ఉంది. ముందు వరసలో అతని పెళ్ళాం ఉంది. కర్ర ఎత్తితే మొదటి దెబ్బ ఆమెకే. ఎత్తకపోతే ఉద్యోగమూ పోతుంది, బహుశా తలా పోతుంది. ఏం చెయ్యమంటారని ఊరిపెద్దకి మనిషిని పంపాడు. అయ్యగారు ఆలోచిస్తున్నారని జవాబొచ్చింది. మళ్ళీ పంపాడు. అయ్యగారు కనబడడం లేదట.

"ఏవయ్యా, తీస్తావా, తియ్యవా?" అంది పెళ్ళాం.

"నువ్వు రోజూ ఇంట్లో త్రేన్చేదానివి కదే!"

"నువ్వు త్రేన్చేవాడివి కాదూ? తిన్నావేమోనని సంతోషపడి, నా ముద్ద పిల్లలకి పెట్టేదాన్ని."

కాపలావాడికి ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుని గేటు తీశాడు. జనం వెళ్ళారు, సంత చూశారు, చాలామంది పొద్దుపోయాక తిరిగొచ్చేశారు. ఎవరి తలా పోలేదు.

ఆ చలికాలం దాటకుండానే ఊరిపెద్దలు వరసగా దిగిపోయారు. ఒక్కడు మాత్రం కర్ర ఎత్తమన్నాడు. వాడి కాపలావాళ్ళు కాసేపు ఎత్తి, తర్వాత వాడివైపే తిరిగారు. కొన్నాళ్ళకి పెద్దన్న ఇంట్లోనే గదులవాళ్ళు ఎవరి పొయ్యి వాళ్ళు పెట్టుకున్నారు. పాత నౌకర్లు కొందరు పెద్దన్నని తోటింట్లో బంధించి ఇల్లు నిలబెడతామన్నారు. వాళ్ళ చేతులు వణకడం అందరూ చూశారు. దాంతో ఇల్లే లేకుండా పోయింది.

ఆ ఇంటిని ఎవరు కూల్చారన్నదాని మీద సంతలో పెద్ద వాదన నడిచింది. మా దుడ్డుకర్రలే అన్నారు కొందరు, నూనె ధర అన్నారు కొందరు, అప్పులన్నారు, పెద్దన్న మంచితనమన్నారు. కాపలావాడు ఎవరినీ కాదనలేదు.

ఒకరోజు పాత ఊరిపెద్ద సంచీ పట్టుకుని పడమటి గేటు దారినే సంతకి వెళుతూ కాపలావాడి దగ్గర ఆగాడు.

"ఆ సాయంత్రం నాకోసం రెండుసార్లు మనిషిని పంపావటగా," అన్నాడు.

"పంపానండి. కొట్టమని మీరొక్క మాట చెప్పలేదేమండీ?"

పాత పెద్ద అటూ ఇటూ చూశాడు. వినేవాళ్ళెవరూ లేకపోయినా గొంతు తగ్గించాడు.

"చెబితే నువ్వు కొడతావో కొట్టవో నాకు తెలీలేదోయ్."

కాపలావాడు చాలాసేపు ఆలోచించాడు.

"నాకూ తెలీదండి," అన్నాడు.