ఖుర్షీద్ బీ అడిగిన తావీజు

"ఒక తావీజు ఇవ్వండి, హజ్రత్. పిల్లికి," అన్నది ఖుర్షీద్ బీ.

దర్గా పక్క గదిలో కూర్చున్న వృద్ధ గురువు తలెత్తి చూశారు. "పిల్లి మెడకు కడితే ముందు దారమే కొరుకుతుందమ్మా. ఏం జరిగింది?"

భర్త జిలానీ పోయి ఏడు నెలలైంది. కడపలో ఒక రెండో అంతస్తు ఇంట్లో ఆమె ఒక్కతే. రెండు నెలల పిల్లికూన ఒకటి సజ్జ మీదుగా బాల్కనీలోకి వచ్చింది. ఆమె రోజూ పాలు పోసింది. తొమ్మిదో రోజు, అది తాగుతుండగా వెనుక నుంచి పట్టుకుని, లోపలికి తెచ్చి తలుపు వేసింది. అది అరిచి, మణికట్టు గీరి, బీరువా కింద దూరింది. తలుపు తీయగానే పారిపోయింది. మూడు రోజులుగా సజ్జ మీద నుంచి చూస్తున్నదే గాని దిగడం లేదు.

"గాయం కడిగి సూది వేయించుకున్నావా?"

"వేయించుకున్నాను. అది చిక్కిపోతున్నది, హజ్రత్. తినకపోతే బతకదు. నేను పట్టుకున్నదేదీ నిలవదు."

ఆ సాయంత్రం గురువు ఆమె ఇంటికి వచ్చారు. బాల్కనీ మూలన పలుచని విరేచనపు మరకలు చూశారు.

"పాలు దానికి పడలేదు."

ఉప్పు, ఉల్లి లేకుండా కోడిమాంసం ఉడికించమన్నారు. దానిని ఎముకలు లేకుండా సన్నగా చీల్చి, గోరువెచ్చగా ఆరనిచ్చి, నీళ్ల గిన్నెతో పాటు కటకటాల దగ్గర పెట్టించారు. తాను గది వైపు చివర, గిన్నెకు వీపు పెట్టి నేల మీద కూర్చున్నారు. ఆమె కూడా కూర్చున్నది.

"వచ్చిందేమో చూడనా?"

"వద్దు."

"మనకు వీపున కళ్లు లేవు కదా, హజ్రత్."

"దానికి ముఖాన ఉన్నాయి. అది చూస్తున్నది."

చాలాసేపటికి మెత్తని అడుగు చప్పుడైంది. తరువాత, గుర్రుమంటూ నమిలే చిన్న శబ్దం. ఖుర్షీద్ బీ రెండు చేతులూ ఒడిలో బిగించుకున్నది.

తినడం ముగించి అది సజ్జ ఎక్కింది.

"మళ్లీ వెళ్లిపోయింది."

"రేపూ ఇదే వేళకు పెట్టు. గిన్నె ఒక జానెడు ఇటు జరుపు. అది జంకితే, మళ్లీ అటు జరుపు."

ఆమె అలాగే చేసింది. రెండుసార్లు గిన్నెను వెనక్కి జరపవలసి వచ్చింది. ఎనిమిదో రోజు పక్కకు తిరిగి కూర్చున్నది. చూపులు కలిసినప్పుడు మెల్లగా కళ్లు మూసి తెరిచింది. కొంతసేపటికి కూన కూడా అలాగే చేసింది.

పదకొండో రోజు తిన్నాక అది వెళ్లలేదు. ఆమె ఒక వేలిని దాని ముక్కు ఎత్తున కదలకుండా ఉంచింది. కూన వాసన చూసింది. తన చెంపను ఆ వేలికి రుద్దింది. ఆమె రెండో చేయి దాని నడుము వైపు లేచింది. ఆ చేతిని ఆమె మళ్లీ నేలకు ఆనించి ఉంచింది.

కూన ఆమె మోకాలి పక్కగా గదిలోకి నడిచింది. అంతా చూసుకుని, తెరిచి ఉన్న తలుపు గుండా బయటికి వెళ్లింది.

మరునాడు ఆమె గురువు దగ్గరకు వెళ్లింది.

"పట్టుకున్నావా?" అన్నారాయన.

"లేదు, హజ్రత్," అన్నది. "వచ్చింది."